డ్రైవర్‌కు అడ్వాన్స్ ఇవ్వకముందే చెప్పండి

ప్రశ్న: మాది కర్నూలు. వయసు 28, ప్రైవేటు స్కూల్లో టీచర్ని. డిగ్రీలో కలిసి చదివిన ఐదుగురం ఏటా సంక్రాంతి తర్వాత ఒక ట్రిప్ వేస్తాం. ఎక్కడికి పోదామని అడిగినప్పుడల్లా "యాడికైనా సరే, మీ ఇష్టం" అనేస్తాను. పోయినేడు బేలం గుహలకు పోతే లోపల ఉక్కకు ఊపిరాడనట్టయింది. బయటికి వచ్చాక కూడా ఎవరికీ చెప్పలేదు. ఈసారి గ్రూపులో అహోబిలమా, గండికోటా అని నడుస్తోంది. స్కూటీ మీద నుంచి పడినప్పటి నుంచి నా ఎడమ మోకాలు అంత బాగుండదు, కొండ ఎక్కలేను. గండికోట చూడాలని ఎప్పటినుంచో ఉంది. కానీ ఇప్పుడు నోరు తెరిస్తే "ఇన్నేళ్ళు లేనిది ఇప్పుడేంటి" అంటారేమో, అందరి సరదా చెడగొట్టినట్టు అవుతుందేమో అని టెన్షన్. అసలు నాకేది ఇష్టమో నాకే తెలీదేమో అని కూడా అప్పుడప్పుడు అనిపిస్తుంది. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, కర్నూలు

సమాధానం:

మీ చివరి అనుమానాన్ని ముందే పక్కన పెట్టేద్దాం. కొండ వద్దు, లోయ కావాలి అని ఇంత స్పష్టంగా రాసిన మనిషికి ఇష్టాలు తెలియకపోవడమేమిటి? మీకు అలవాటు లేనిదల్లా ఆ మాటను నలుగురిలో, సమయానికి, మళ్ళీ వెనక్కి తీసుకోకుండా అనడం. అది నేర్చుకుంటే వచ్చే పనే. కాకపోతే అందులో కొన్ని మెలికలున్నాయి.

మా బంధువుల్లోనూ స్నేహితుల్లోనూ ట్రిప్పులు ఏర్పాటు చేసే పని చాలా ఏళ్ళుగా నా నెత్తినే పడుతోంది. బండి మాట్లాడటం, రూములు చూడటం, ఎవరు శనివారం మాంసం ముట్టరో గుర్తుపెట్టుకోవడం, అన్నీ నేనే. కాబట్టి మీ "యాడికైనా సరే" అవతలి చెవికి ఎలా వినిపిస్తుందో చెప్పగలను. మీరు మంచితనంతోనే అంటారు, అందులో అనుమానం లేదు. వినేవాళ్ళకు మాత్రం ఒక పని పెరుగుతుంది. ఈమె నిజంగానే అంటోందా, మొహమాటానికి అంటోందా? పోయినసారి వచ్చేటప్పుడు బండిలో ఎందుకు మాట్లాడలేదు? ఈసారి ఏది పెడితే సంతోషిస్తుంది? ఇవన్నీ ప్లాన్ వేసే మనిషి తనలో తాను వేసుకునే ప్రశ్నలు. పైగా ట్రిప్ బాగా జరగకపోతే మాట పడేది ఎంచినవాళ్ళే. ఏమీ ఎంచనివాళ్ళ మీద ఏ నిందా పడదు. బయటికి అనరు గానీ, ఈ విషయం ప్లాన్ వేసేవాళ్ళకు లోలోపల కొంచెం మండుతుంది.

దీని మీద పరిశోధనలు కూడా జరిగాయంటే మీకు నవ్వు రావచ్చు. పెగ్గీ లియు, కేట్ మిన్ అనే ఇద్దరు పరిశోధకులు 2020లో ఒక అధ్యయనం ప్రచురించారు. భోజనానికి ఎక్కడికి పోదామని ఒకరు ఇంకొకరిని అడిగే సందర్భం తీసుకున్నారు. తన ఇష్టం చెప్పకుండా ఎదుటివారికే వదిలేస్తే వాళ్ళకు తాను నచ్చుతానని అడిగించుకున్న మనిషి అనుకుంటారు. అడిగిన మనిషికి కావలసింది మాత్రం ఏదో ఒక పేరు. పేరు చెబితే నిర్ణయం తేలికవుతుంది కదా. ఆ తర్వాత మరో బృందం చేసిన అధ్యయనంలో ఇంకో సంగతి తేలింది. "నాకు ఏదైనా ఓకే" అనే మాటను విన్నవాళ్ళు పూర్తిగా నమ్మరు. ఈమె మనసులో ఏదో ఉంది, అది నా ఇష్టానికి వేరుగా ఉండబట్టే చెప్పడం లేదు అని ఊహించుకుంటారు. ఆ ఊహను బట్టి తమకు నచ్చినదాన్ని వదులుకుని ఇంకేదో ఎంచుతారు. అవి వేరే దేశంలో, ఎక్కువగా ఇద్దరేసి మనుషుల మీద చేసినవి. మన ఐదుగురి వాట్సాప్ గ్రూపుకు అచ్చంగా సరిపోతాయని అనను. కానీ ఒక్కసారి ఆలోచించండి. మీ గ్రూపులో ఎవరో ఒకరు "పాపం, తనకు గుళ్ళంటే ఇష్టమేమో" అనుకుని మీ కోసమే అహోబిలం పేరు ఎత్తి ఉంటే? నాలుగేళ్ళ పిల్లల మొదలు నలభై ఏళ్ళవాళ్ళ దాకా నేను తీసుకెళ్ళిన గుంపుల్లో ఇలాంటివి చాలా చూశాను. అందరూ ఇంకొకరి కోసం పోయిన చోటు, ఎవరికీ నచ్చని చోటు.

సరే, ఇప్పుడు పనిలోకి వద్దాం. ట్రిప్ అనగానే మనకు ఊరి పేరే గుర్తొస్తుంది గానీ, ఊరి పేరు అందులో ఒక ముక్క మాత్రమే. ఎన్నింటికి బయలుదేరతాం, ఎంత నడవాలి, మనిషికి ఎంత పడుతుంది, రాత్రి ఎక్కడ పడుకుంటాం, దారిలో శుభ్రమైన బాత్రూమ్ ఉంటుందా, ఆదివారం ఎన్నింటికి ఇల్లు చేరతాం, ఇవన్నీ ట్రిప్పే. "ఏ ఊరైనా సరే" అనేవాళ్ళకు నిజంగానే ఊరి మీద పట్టింపు లేకపోవచ్చు, వీటిలో ఒకదాని మీద గట్టి పట్టింపు ఉండవచ్చు. అది తెలుసుకోవడానికి కళ్ళు మూసుకుని మనసును అడగనక్కర్లేదు. ఇంతకుముందు పోయిన ట్రిప్పులు గుర్తు చేసుకుని, ఎక్కడ మీరు మాట తగ్గించారో చూడండి. మనిషి ముభావంగా మారిన చోట ఏదో ఒక పట్టింపు దెబ్బతిని ఉంటుంది.

బేలం సంగతే తీసుకుందాం. ఆ గుహ పొడవు మూడు కిలోమీటర్ల పైనే. అందులో దాదాపు ఒకటిన్నర కిలోమీటరు దాకా మనం నడవవచ్చు. లోపలికి గాలి పంపే ఏర్పాటు ఉన్నా ఉక్క ఉండనే ఉంటుంది, కొన్నిచోట్ల వంగి పోవాలి. మీకు ఇబ్బంది పెట్టింది అందులో ఏది? ఉక్క ఒక్కటే అయితే, జనం తక్కువగా ఉండే పొద్దున్న పూట, నీళ్ళ బాటిల్‌తో, తొందర లేకుండా పోతే సర్దుకోవచ్చు. నాలుగు వైపులా మూసుకుపోయిన చోటే మీకు పడకపోతే కథ వేరు. అప్పుడు బేలం ఒక్కటే కాదు, ఇరుకుగా ఉండే ఏ గుహ అయినా మీకు వద్దు. ఆ రెండింటికీ మీరు గ్రూపులో చెప్పాల్సిన మాట కూడా వేరు. మొదటిదానికి "పొద్దున్నే పోదాం" చాలు. రెండోదానికి "గుహలైతే నేను బయట కూర్చుంటా" అనాలి.

ఇక్కడే అసలు కిటుకు ఉంది. ఇష్టాన్ని చెప్పడమే కాదు, అది ఎంత బరువైనదో కూడా చెప్పాలి. మన మనసులో మూడు మెట్లుంటాయి. "అదైతే బాగుంటుంది" ఒకటి, "అదైతే కొంచెం ఇబ్బంది" ఒకటి, "అది నావల్ల కాదు" ఒకటి. మీ విషయంలో గండికోట మొదటి మెట్టు, కొండ ఎక్కడం మూడో మెట్టు. మధ్యలో మీరు రాయనిది ఒకటి ఉంటుందని నా ఊహ. సోమవారం పొద్దున్నే స్కూలు ఉంటుంది కాబట్టి ఆదివారం రాత్రి బాగా పొద్దుపోయి ఇల్లు చేరడం మీకు ఇబ్బందే. ఈ మూడింటినీ ఒకే గొంతుతో చెప్పారనుకోండి, వినేవాళ్ళు దేనికి సర్దుకోవాలో, దేనికి ఒప్పించాలో తెలియక తికమక పడతారు. బరువు తెలిస్తే వాళ్ళకే సులువు. మోకాలి విషయంలో ఎవరూ వాదించరు. గండికోట విషయంలో వాదించుకోవచ్చు, అది తప్పు కాదు.

తర్వాతది, ఎప్పుడు చెప్పాలి. మన దగ్గర ట్రిప్ ఎలా ఖాయమవుతుందో మీకు తెలుసు. రెండు రోజులు గ్రూపులో పేర్లు ఎగురుతాయి. మూడో రోజు రాత్రి ఎవరో ఒకరికి ఓపిక నశించి, తెలిసిన డ్రైవర్‌కు ఫోన్ చేసి ఎర్టిగానో ఇన్నోవానో మాట్లాడి, అడ్వాన్స్ ఫోన్‌పే చేసి, స్క్రీన్‌షాట్ గ్రూపులో పెడతారు. ఆ స్క్రీన్‌షాట్‌కు ముందు మీరు చెప్పింది సలహా. తర్వాత చెప్పిందే అయితే ఫిర్యాదు. మాట అదే, మనిషి అదే, వినపడే తీరు మాత్రం పూర్తిగా మారిపోతుంది. ఇంకా పేర్లు రెండున్నాయి అంటే మీకు ఇంకా సమయం ఉందన్నమాట. ఎవరో వచ్చి "నీకేది ఇష్టం" అని విడిగా అడుగుతారని ఎదురు చూడకండి. ఇన్నేళ్ళలో మీ జవాబు వాళ్ళకు కంఠతా వచ్చేసింది, ఇక అడగరు.

గ్రూపులో ఇలా రాయవచ్చు: "నా ఓటు గండికోటకు, ఎప్పటినుంచో చూడాలని ఉంది. అహోబిలం అయినా వస్తా, కాకపోతే కింది గుడి, ఎగువ అహోబిలం వరకే. జ్వాలా నరసింహస్వామి దాకా ఎక్కలేను, మోకాలు సహకరించదు. గండికోట అయితే రూముల సంగతి నేను కనుక్కుంటా."

ఇందులో ఏముందో చూడండి. మొదటి వాక్యంలో మీకేం కావాలో సూటిగా ఉంది. రెండోదానిలో అవతలి ఎంపికకు తలుపు తెరిచే ఉంది, ఎంతవరకు వస్తారో గీత కూడా ఉంది. "అహోబిలం వద్దు" అనేదానికీ "ఎగువ అహోబిలం వరకు వస్తా" అనేదానికీ చాలా తేడా ఉంది. దిగువ అహోబిలంలో ప్రహ్లాద వరద నరసింహస్వామి గుడి, అక్కడి నుంచి కొన్ని కిలోమీటర్లు పైకి ఎగువ అహోబిలం, రెండింటికీ బండి పోతుంది. కష్టమంతా ఆ తర్వాతే. భవనాశిని వాగు వెంబడి రాళ్ళ మీదుగా, మెట్ల మీదుగా జ్వాలా నరసింహుడి దగ్గరికి నడక, ఇంకా పట్టుదల ఉన్నవాళ్ళకు ఉగ్రస్తంభం. గీత ఎక్కడ గీయాలో మీకు తెలిస్తే, మిగతా నలుగురూ మిమ్మల్ని ఎగువ గుడి దగ్గర కూర్చోబెట్టి పైకి పోయి రావడానికి ముందే మానసికంగా సిద్ధపడతారు. ఇక చివరి వాక్యం. మీరు కోరినదానికి మీరే కొంత పని ఎత్తుకుంటున్నారు. నోరు తెరవని మనిషి మొదటిసారి నోరు తెరిచినప్పుడు ఇది చాలా పని చేస్తుంది, ఎందుకంటే ప్లాన్ వేసే మనిషికి ఒక ఫోన్ కాల్ తగ్గింది.

ఇది పంపాక మీ వేళ్ళు ఊరికే ఉండవు. "ఏదైనా పర్లేదు లే, మీ ఇష్టమే" అని ఇంకో మెసేజ్ కొట్టాలనిపిస్తుంది. ముగ్గు పెట్టి మనమే చీపురుతో ఊడ్చుకున్నట్టు ఉంటుంది ఆ పని. ఆ తోక తగిలిస్తే చదివేవాళ్ళు చివరి ముక్కనే గుర్తుపెట్టుకుంటారు, పైన రాసిందంతా లెక్కలోకి రాదు. పంపేసి ఫోన్ పక్కన పడేసి పరీక్ష పేపర్లు దిద్దుకోండి. పది నిమిషాలు ఎవరూ బదులివ్వకపోతే కోపమొచ్చిందని కాదు. ఒకరు బస్సులో ఉంటారు, ఒకరు పిల్లాడికి అన్నం పెడుతుంటారు.

ఇంకో దారి ఉంది, చాలామంది ఆడపిల్లలు తొక్కే దారి. మీరూ తొక్కే ఉంటారని అనుమానం. తన ఇష్టం అని చెప్పకుండా ఇంట్లోవాళ్ళ మీద పెట్టడం. "మా అమ్మ కొండలు వద్దంటోంది", "మా ఇంట్లో రాత్రి ఉండటానికి ఒప్పుకోరు" అని. మొహమాటం లేకుండా బయటపడే మార్గంలా కనిపిస్తుంది. కానీ స్నేహితులంటే ఊరుకుంటారా? "ఆంటీతో మేం మాట్లాడతాం లే" అని సాయంత్రానికి మీ ఇంట్లో దిగుతారు. మీ అమ్మగారు పాపం ఏమీ తెలియక "నేనెందుకు వద్దంటానమ్మా, పోయి రండి" అని కాఫీ ఇస్తారు. ఇక మీకు వంక లేదు, అబద్ధం మాత్రం మిగిలింది. అబద్ధపు కారణంలో ఉండే చిక్కే అది. దాన్ని ఎవరైనా పరిష్కరించేయగలరు, పరిష్కరించాక కూడా మీ అసలు ఇబ్బంది అట్లనే ఉంటుంది. ఇంట్లో నిజంగానే అభ్యంతరం ఉంటే చెప్పండి, అది నిజం కాబట్టి. మోకాలు నొప్పి అయితే మోకాలు అనే చెప్పండి.

ఒక స్నేహితురాలికి చాటుగా చెప్పి ఆమె చేత చెప్పించడం కూడా ఈ కోవలోదే. పాపం ఆమె "తను గండికోట అంటోంది" అంటే, మిగతావాళ్ళు "తను ఎందుకు చెప్పదు, నీ చేత ఎందుకు చెప్పిస్తోంది" అని ఆమెనే నిలదీస్తారు. లేదా ఆమె తన ఇష్టాన్నే మీ పేరు మీద తోస్తోందనుకుంటారు. ముందుగా ఒకరితో మాట్లాడి ధైర్యం తెచ్చుకోవడం వరకు బాగుంది, చెప్పాల్సింది మాత్రం మీరే.

గ్రూపులో పోల్ పెట్టారా? ఈ మధ్య ప్రతిదానికీ పోలే. వాట్సాప్ పోల్‌లో ఒకటి కంటే ఎక్కువ జవాబులు ఎంచుకునే వీలుంటుంది. మీలాంటివాళ్ళు రెండూ నొక్కేసి హాయిగా నిద్రపోతారు. ఒక్కటే నొక్కండి. కానీ పోల్‌లో ఇంకో లోపం ఉంది, దాన్ని దృష్టిలో పెట్టుకోండి. అది తలలు లెక్కపెడుతుంది, బరువు చూడదు. అహోబిలానికి మూడు ఓట్లు, గండికోటకు రెండు పడ్డాయనుకుందాం. ఆ మూడింటిలో ఇద్దరు ఏదో ఒకటి నొక్కాలి కదా అని నొక్కి ఉండవచ్చు. మీ ఓటు వెనక ఎక్కలేని మోకాలు ఉంది. ఆ సంగతి అంకెల్లో కనపడదు కాబట్టి, పోల్ కింద ఒక వాక్యం రాయక తప్పదు. పోల్ అయిపోయాక రాస్తే ఓడిపోయి సాకు చెబుతున్నట్టు ఉంటుంది. ముందే రాయండి.

ఇక మీరు భయపడుతున్నది జరుగుతుంది, కచ్చితంగా జరుగుతుంది. ఎవరో ఒకరు "ఏమే, నువ్వు కూడా మాట్లాడినావే!" అని నవ్వే బొమ్మలు నాలుగు పెడతారు. దాన్ని నింద అనుకోకండి. ఇన్నేళ్ళకు ఒక పేరు వినపడినందుకు వాళ్ళ ఆశ్చర్యం అది. మీరు కూడా "ఈసారి మాట్లాడినాను, ఇంక అలవాటు చేసుకోండి" అని నవ్వేయండి. అంతే గానీ ఇన్నేళ్ళ మౌనానికి సంజాయిషీ ఇస్తూ పేరాలు రాయకండి. సంజాయిషీ మొదలుపెడితే మాట ట్రిప్ మీద నుంచి మీ మీదికి మళ్ళుతుంది, గండికోట ఎక్కడికో పోతుంది.

ఇప్పుడు కష్టమైన భాగం. మీరు చెప్పారు, అయినా అహోబిలమే ఖాయమైంది. మీలో ఒకామెకు స్వామి మొక్కు ఉందనుకుందాం, పిల్లకు ఒంట్లో బాగాలేనప్పుడు మొక్కుకుంది, పైదాకా నడిచి వస్తానని. ఆ బరువు ముందు మీ గండికోట మొదటి మెట్టు ఇష్టం నిలబడదు, నిలబడకూడదు కూడా. కానీ మీరు చెప్పడం వృథా కాలేదు. మీ మోకాలి సంగతి అందరికీ తెలిసింది కాబట్టి మిమ్మల్ని రాళ్ళ మీద లాక్కుపోరు. ఎగువ గుడి దగ్గర మీకు తోడుగా ఇంకొకరు ఉంటారేమో కూడా, నడక ఇష్టం లేనిది మీరొక్కరే అయి ఉండరు. అందరూ పైకి పోతే వాళ్ళు తిరిగొచ్చేదాకా కొన్ని గంటలు పడుతుందని లెక్కేసుకుని, భోజనం ఎక్కడ, ఫోన్ సిగ్నల్ అందకపోతే ఎక్కడ కలవాలి అనేవి ముందే మాట్లాడుకోండి.

ఇంకో సంగతి కూడా బయటపడుతుంది. రెండు పేర్లూ పైకి వచ్చాయి కాబట్టి ఎవరో ఒకరు మ్యాప్ తెరుస్తారు. ఆళ్ళగడ్డ నుంచి చాగలమర్రి, ప్రొద్దుటూరు మీదుగా జమ్మలమడుగుకు దారి ఉంది. శనివారం అహోబిలం, రాత్రికి జమ్మలమడుగు వైపు, ఆదివారం పొద్దున గండికోట అని మూడో ప్లాన్ పుడుతుంది. మీరు నోరు తెరవకపోతే ఇది ఎవరికీ తట్టేది కాదు. అయితే తొందరపడి ఎగిరి గంతేయకండి. గండికోట నుంచి కర్నూలుకు మళ్ళీ చాలా దూరం. శనివారమంతా కొండల్లో తిరిగి, రాత్రి ప్రయాణం చేసి, మర్నాడు కోట తిరిగి బయలుదేరితే, ఆదివారం రాత్రి బాగా ఆలస్యంగా ఇల్లు చేరతారు. సోమవారం ఫస్ట్ పీరియడ్‌కు పిల్లల ముందు నిలబడాలి. అంటే మీ రెండో మెట్టు, మొదటి మెట్టు ఢీకొన్నాయి. ఏది ముందో మీరే తేల్చుకోవాలి. "గండికోట కలిపితే సంతోషమే, కానీ ఆదివారం రాత్రి తొమ్మిదిలోపు కర్నూలులో ఉండాలి. కుదరకపోతే ఈసారికి అహోబిలం ఒక్కటే చాలు" అని చెప్పగలిగితే చాలు. గండికోట ఇంకో ఏడు చూడవచ్చు, ఆ లోయ ఎక్కడికీ పోదు.

ఒప్పుకున్నాక మాత్రం మనస్ఫూర్తిగా పోవాలి. ఎగువ అహోబిలంలో కూర్చుని "నేను అప్పుడే చెప్పినా" అని మూతి ముడుచుకోవడానికీ, ఇన్నాళ్ళూ మాట్లాడకుండా లోలోపల బాధపడటానికీ పెద్ద తేడా లేదు. మాట చెల్లనంత మాత్రాన వాళ్ళు మిమ్మల్ని లెక్కచేయలేదని కాదు. ఏడాదికి ఒక ట్రిప్, ఐదుగురు మనుషులు. లెక్క ప్రకారం మీ పేరు ఐదేళ్ళకు ఒకసారి గెలవాలి. మీరు చెప్పినా నాలుగైదు ట్రిప్పుల పాటు మీ మాట ఒక్కసారీ నిలవకపోతే, ప్రతిసారీ ఒకామె ఇష్టమే ఖాయమవుతుంటే, అప్పుడు అది ట్రిప్ సమస్య కాదు, ఆ స్నేహం సంగతి. దానికి వేరే ఉత్తరం రాయండి.

మీ మాటే చెల్లి గండికోటే ఖాయమైతే ఒక్క జాగ్రత్త. మనసులో పెట్టుకుని ఉన్న చోటు కదా, అంతా సుఖంగా ఉంటుందని ఊహించుకుంటాం. గండికోట కూడా మీ మోకాలికి పూర్తిగా చదునైన చోటు కాదు. జమ్మలమడుగు నుంచి పదిహేను కిలోమీటర్లు, కోట వాకిలి దాకా రోడ్డు ఉంది. లోపల మాధవరాయస్వామి గుడి, జామియా మసీదు, ధాన్యం కొట్టు చూడటం వరకు తాపీగా నడిస్తే సరిపోతుంది. పెన్నా లోయ అంచుకు పోవాలంటే మాత్రం బండరాళ్ళ మీద అడుగు చూసుకుంటూ పోవాలి, చాలాచోట్ల పట్టుకోవడానికి కమ్మీ ఉండదు. సూర్యోదయం అని చీకట్లో టార్చ్ లైటు పట్టుకుని బయలుదేరతారు చూడండి, అప్పుడే కాలు మెలిక పడుతుంది. కాబట్టి ఇక్కడ కూడా ఒక గీత గీసుకోండి. "చీకట్లో నేను రాను, వెలుతురు వచ్చాక నిదానంగా వస్తా, ఒకరు నాతో ఉండండి" అని ముందు రోజు రాత్రే చెప్పండి. మీరు కోరిన చోటే కదా అని నొప్పి దాచుకుని తిరగకండి. కోరినవాళ్ళు ఫిర్యాదు చేయకూడదన్న రూలు ఎక్కడా లేదు. సంక్రాంతి తర్వాత అంటే ఎండ బాధ పెద్దగా ఉండదు, కోటకు అది మంచి కాలమే. రూములు మాత్రం శని, ఆదివారాలకు తొందరగా నిండిపోతాయి. పర్యాటక శాఖవారి హరిత హోటల్ అక్కడే ఉంది. మీరు ఎత్తుకున్న పని కాబట్టి ఈ వారమే ఫోన్ చేయండి.

బేలం సంగతి ఇప్పుడు చెప్పాలా వద్దా అని మీరు అడగలేదు గానీ, అడుగుదామనుకుని ఆగినట్టు అనిపించింది. ఇప్పుడు ప్రత్యేకంగా ఎత్తకండి. ఏడాది తర్వాత "అప్పుడు నాకు ఊపిరాడలేదు, మీరెవరూ గమనించలేదు" అంటే, పాపం ఆ ట్రిప్ ఏర్పాటు చేసిన అమ్మాయి బాధపడుతుంది. గమనించే అవకాశం మీరే ఇవ్వలేదు కదా. ఇంకోసారి ఎవరైనా గుహల పేరు ఎత్తినప్పుడు, "బేలంలో ఉక్కకు నాకు కష్టమైంది, గుహలైతే నేను బయట కూర్చుని మీ బ్యాగులు చూసుకుంటా" అనండి. ఒక్క వాక్యం, అంతకంటే వద్దు. వాళ్ళు "అప్పుడే చెప్పకపోయినావా" అని తిడితే తిట్టించుకోండి.